నిద్ర లేని మనిషిని క్రేన్ ఎక్కించకండి

గాజువాక, మల్కాపురం, కూర్మన్నపాలెం, పరవాడ చుట్టుపక్కల పని ఇచ్చేవాళ్లకూ, పని చేసేవాళ్లకూ, వాళ్ల ఇళ్లలో ఎదురుచూసేవాళ్లకూ ఈ మాట. విశాఖలో రెండు కొలువులు చేస్తున్న మనుషులు మన మధ్యే ఉన్నారు. పగలు బైక్ ట్యాక్సీ నడిపి, రాత్రి క్రేన్ ఎక్కేవాళ్లున్నారు. ఉదయం ఒక కాంట్రాక్టర్ దగ్గర మస్టరు వేయించుకుని, సాయంత్రం మరొకరి దగ్గర వాచ్‌మన్‌గా నిలబడేవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రెండో పని సంగతి పై అధికారికి తెలియకుండా దాచుకోవలసిన పరిస్థితి ఉందే, ప్రాణం తీసేది అది. దాన్ని ఒక రాతపూర్వక నియమంతో ఆపవచ్చు. ఆ నియమం మన పరిశ్రమల్లో చాలాచోట్ల ఇంకా లేదు. ఉన్నచోట ఒకే వాక్యం ఉంటుంది: అనుమతి లేకుండా వేరే పని చేయరాదు. ఆ వాక్యం ఎవరినీ ఆపదు, ఎవరినీ కాపాడదు.

రెండో పని ఎందుకు పెరిగిందో మనకు తెలియని సంగతి కాదు. ఉక్కు కర్మాగారంలో 2024లో జీతాలు విడతలుగా అందిన నెలలు ఉన్నాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపులపై ఆందోళనలూ నడిచాయి. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, బ్యాంకు వాయిదా మాత్రం విడతలుగా ఆగవు. అలాంటప్పుడు సాయంత్రం మూడు గంటలు బండి తిప్పుకుంటే తప్పేమిటని అడిగే మనిషికి, తప్పు అని జవాబు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఎప్పుడు తిప్పాలి, ఎంతసేపు తిప్పాలి, ఆ తర్వాత ఏ పనికి వెళ్లాలి అన్న మాట తప్పకుండా చెప్పాలి.

ఒక మనిషిని తీసుకుని గంటలు లెక్క వేద్దాం. ఒక కాంట్రాక్టు సంస్థలో క్రేన్ ఆపరేటర్ అనుకోండి. ఈ వారం సి షిఫ్టు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు. దిగి ఇంటికొచ్చేసరికి 7. టిఫిను తిని పడుకునేసరికి 7:30. పగటి వేడి, వీధి చప్పుడు, పిల్లల రాకపోకలు. 11:30కి లేస్తాడు, ఎందుకంటే మధ్యాహ్నం భోజనాల డెలివరీకి గిరాకీ 12 గంటలకు మొదలవుతుంది. మూడింటి వరకు తిరుగుతాడు. కాస్త నడుం వాలుస్తాడు గానీ నిద్ర పట్టదు. మళ్లీ 6 నుంచి 9 వరకు డెలివరీలు. పదింటికి గేటు దగ్గర పంచ్. మస్టరులో ఆయన ఆ రోజు చేసింది 8 గంటలే. సూపర్‌వైజర్‌కు కనిపించేది ఆ 8 గంటలే.

ఆయన శరీరం లెక్క వేరు. 11:30కి లేచిన మనిషికి తెల్లవారుజామున 4:30కి మెలకువ 17 గంటలు నిండుతుంది. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. 17 గంటలు మేలుకున్న మనిషి చేయి, కన్ను కలిసి పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోయింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పే హద్దు 0.03 శాతం. అంటే ఒక చుక్క ముట్టని ఈ మనిషి, 4:30 గంటలకు తాగి బండి నడిపేవాడి కంటే మెరుగ్గా లేడు. పైగా రాత్రి 2 నుంచి 6 మధ్య శరీరం సహజంగానే నిద్రకు లాగుతుంది. ఈ రెండూ ఒకే గంటలో కలుస్తున్నాయి. ఆ గంటలో క్రేన్ కొక్కేనికి వేలాడే బరువు కింద మరో మనిషి నిలబడి ఉంటాడు.

ఉక్కు పనిలో ఇంకొక చిక్కుంది. ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ పెద్ద భాగం. దానికి రంగు లేదు, వాసన లేదు. అది సోకిన మొదటి గుర్తులు తలనొప్పి, తల తిరగడం, మగత. నిద్రలేని మనిషికి ఉండేవీ అవే గుర్తులు. రెండో పని చేసి వచ్చినవాడు తలనొప్పి వస్తే, నిద్ర చాలలేదు, టీ తాగితే పోతుంది అనుకుంటాడు. పక్కవాడూ అలాగే అనుకుంటాడు. గ్యాస్ లైన్ల దగ్గర పనిచేసేవాళ్లూ, వాళ్ల ఇన్‌చార్జులూ దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. అక్కడ మగతను నిద్రమత్తు అని కొట్టిపారేయకూడదు. ముందు మనిషిని గాలి ఆడే చోటికి తీసుకురండి. కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు.

చట్టం చూసుకుంటుందిలే అని ఊరుకోకండి. 1948 ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ ఒక ఫ్యాక్టరీలో ఆ రోజు పనిచేసిన కార్మికుణ్ని అదే రోజు మరో ఫ్యాక్టరీలో పనికి పెట్టుకోరాదంది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ కూడా ఈ నిషేధాన్ని కొనసాగించి, రెంటి మధ్య 12 గంటల ఎడం పెట్టింది. మంచిదే. కానీ ఇది ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ, గనికీ గనికీ మధ్య మాట. బైక్ ట్యాక్సీ, డెలివరీ, అపార్టుమెంటు వాచ్‌మన్ పని, పెళ్లిళ్ల క్యాటరింగ్ దీని కిందికి రావు. మన ఊళ్లో ఎక్కువ అలసట వచ్చేది ఆ దారిలోనే. మరోవైపు 2025లో మన రాష్ట్రం ఫ్యాక్టరీల్లో రోజువారీ పనిగంటల హద్దును 9 నుంచి 10కి పెంచే సవరణ తెచ్చింది. డ్యూటీ గంటలు సాగేకొద్దీ నిద్రకు మిగిలేది తగ్గుతుంది. చట్టం వదిలేసిన ఖాళీని సంస్థ రాసుకునే నియమమే పూడ్చాలి.

మరి ఆ నియమం ఎలా రాయాలి? చాలామంది మొదటి అడుగులోనే తప్పుతారు. ఎన్ని గంటలు పని చేయవచ్చో రాస్తారు. విశ్రాంతి గంటలను రాయండి. బయట ఎంతసేపు పనిచేశాడో మీరు కొలవలేరు. కొలవబోతే అది నిఘా అవుతుంది. విశ్రాంతి మాత్రం మనిషి తనంతట తాను లెక్క చూసుకోగలడు. ఐరోపా దేశాల్లో ప్రతి 24 గంటల్లో ఏకబిగిన 11 గంటల విరామం ఇవ్వాలన్న నియమం ఉంది. మన షిఫ్టులకు దాన్ని పెట్టి చూద్దాం.

ఎ షిఫ్టు వారంలో మధ్యాహ్నం 2 గంటలకు దిగుతాడు. మర్నాడు ఉదయం 6కి ఎక్కాలి. 11 గంటలు వెనక్కి లెక్కపెడితే సాయంత్రం 7. కాబట్టి 4 నుంచి 7 దాకా రెండో పని చేసుకోవచ్చు. బి షిఫ్టు వారంలో రాత్రి 10కి దిగుతాడు. 11 గంటలు గడిస్తే ఉదయం 9. తొమ్మిది నుంచి 12 వరకు పనిచేసి, అన్నం తిని 2 గంటలకు డ్యూటీ ఎక్కవచ్చు. ఏడింటికి లేచినా డ్యూటీ దిగేసరికి మెలకువ 15 గంటలే. ఈ రెండు వారాలూ పరవాలేదు.

సి షిఫ్టు వారంలో ఇదే సూత్రం మోసం చేస్తుంది. ఉదయం 6కి దిగి సాయంత్రం 5 దాకా ఏ పనీ చేయకపోతే 11 గంటల విరామం కాగితం మీద పూర్తయినట్టే. కానీ పగటి నిద్ర కుదురుగా పట్టదు. 7:30కి పడుకుని ఆరు గంటలు నిద్రపోయినా మధ్యాహ్నం 1:30కి లేస్తాడు. సాయంత్రం 5 నుంచి 8 వరకు బండి తిప్పి రాత్రి 10కి డ్యూటీ ఎక్కితే, మర్నాడు ఉదయం 6:30కి 17 గంటలు నిండుతాయి. ఆ సమయానికి ఆయన జాతీయ రహదారి మీద ట్రైలర్ లారీల మధ్య బైకు మీద ఇంటికి వస్తూ ఉంటాడు. నిద్రకు దక్కాల్సిన సాయంత్రాన్ని రెండో పని తినేసింది. అందుకని నా మాట వినండి. క్రేన్, లాడిల్, గ్యాస్ లైన్, ఎత్తు మీద పని, భారీ వాహనం, కంట్రోల్ రూం, ఈ ఆరు చోట్ల పనిచేసేవాళ్లకు సి షిఫ్టు వారంలో రెండో పని పూర్తిగా వద్దని రాయండి. మిగతా వారాల్లో 11 గంటల సూత్రం సరిపోతుంది. ఆఫీసు బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఇంత కఠినం అవసరం లేదు. అందరికీ ఒకే నియమం రాస్తే అది కొందరికి అన్యాయం, మరికొందరికి ప్రమాదం.

ఇక్కడ యజమానులను ఒక్క సంగతి బతిమాలుకుంటున్నాను. ఓవర్‌టైం కూడా ఈ లెక్కలోకి రావాలి. రిలీవర్ రాలేదని డబుల్ డ్యూటీ వేసి 16 గంటలు నిలబెట్టి, రెండో పని చేస్తే మాత్రం అలసిపోతావని అంటే ఆ నియమాన్ని ఎవరూ నమ్మరు. పాత ఫ్యాక్టరీల చట్టం మినహాయింపులు ఇచ్చిన సందర్భాల్లో సైతం ఓవర్‌టైంతో కలిపి వారానికి 60 గంటలు దాటకూడదని గీత గీసింది. 11 గంటల సూత్రానికి తోడు, మొదటి పని, ఓవర్‌టైం, రెండో పని మూడూ కలిపి అదే 60ని హద్దుగా పెట్టుకోండి. నియమంలో ఈ వాక్యం ఇలా ఉండవచ్చు: "ఏ ఉద్యోగి అయినా వరుసగా 11 గంటల విశ్రాంతి లేకుండా డ్యూటీకి రాకూడదు, సంస్థ కూడా ఆ విశ్రాంతి లేకుండా ఎవరినీ డ్యూటీకి పిలవకూడదు." రెండో సగం లేకపోతే మొదటి సగం వృథా.

ఇప్పుడు వెల్లడి సంగతి. మనిషి నోరు విప్పి చెప్పకపోతే పైన రాసిందంతా కాగితమే. భయం ఉన్నచోట ఎవరూ చెప్పరు. 2022లో విప్రో సుమారు 300 మందిని పోటీ సంస్థలకు పనిచేశారని తొలగించింది. అదే ఏడాది ఇన్ఫోసిస్ ముందస్తు అనుమతితో బయటి పనులు చేసుకోవచ్చంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ చర్చ పోటీ గురించి, రహస్యాల గురించి నడిచింది. మన ఉక్కు, రేవు పనుల్లో దానికి ప్రాణాల ప్రశ్న తోడైంది. అందుకే ఇక్కడ మొదటి నెల రోజులూ క్షమాకాలంగా ప్రకటించాలి. ఆ నెలలో రెండో పని గురించి చెప్పినవారి మీద ఏ చర్యా ఉండదని యూనియన్ సాక్షిగా రాసివ్వాలి. ఫారం ఒక్క పేజీ చాలు. అందులో అడగవలసినవి ఏ రకం పని, ఏ సంస్థకు, ఏ రోజుల్లో, ఏ గంటల్లో అన్నవే. ఎంత సంపాదిస్తున్నారని అడగకండి. అది మీకు అక్కర్లేదు, ఆ ప్రశ్న చూడగానే మనిషి ఫారం మడిచి జేబులో పెట్టుకుంటాడు. వారంలోగా జవాబు ఇవ్వండి. కాదంటే ఎందుకు కాదో ఒక వాక్యం రాయండి. ఆ నిర్ణయాన్ని ప్రశ్నించడానికి యాజమాన్యం, యూనియన్ కలిసిన ఒక చిన్న కమిటీ ఉండాలి.

కాంట్రాక్టు కార్మికుడి దగ్గర ఇదంతా ఆగిపోకూడదు. నాకు ఎక్కువ భయం అక్కడే. "ఈ రోజు ఒంట్లో బాగోలేదు, పైకి ఎక్కలేను" అని పర్మినెంటు ఉద్యోగి అనగలడు. మస్టరు పోతే ఆ రోజు కూలి పోయే మనిషి అనలేడు. అలసిపోయానని చెప్పినవాడిని ఆ రోజుకు నేల మీది పనికి మార్చాలి, కూలి తగ్గకూడదు. ఈ షరతు కాంట్రాక్టు ఒప్పందంలోనే రాయాలి. ఇక ఒకే గేటు లోపల ఒక కాంట్రాక్టర్ కింద ఎ షిఫ్టు, మరో కాంట్రాక్టర్ కింద బి షిఫ్టు చేసే అవకాశం ఉంటే, దాన్ని పట్టుకోగలిగింది అసలు యాజమాన్యం ఒక్కటే. ఎంతమంది కాంట్రాక్టర్లు మారినా మనిషికి గేటు పాస్ నంబరు ఒకటే ఉండాలి. విశ్రాంతి గంటలు నిండకుండా ఆ నంబరు మళ్లీ పంచ్ అయితే గేటు దగ్గరే ఆపాలి.

ఇంత చెప్పాక ప్రయోజనాల వైరుధ్యం గురించి తక్కువ మాటల్లో చెప్పవచ్చు, ఎందుకంటే దానికి ఒకే పరీక్ష ఉంది. ఇక్కడ నేను పెట్టే సంతకం వల్ల అక్కడి యజమానికి లాభమో నష్టమో కలుగుతుందా? కలిగితే ఆ రెండో పని వద్దు. రేవు ఊరికి తగిన ఉదాహరణ చెబుతాను. ఓడలో కోకింగ్ బొగ్గు వస్తుంది. తేమ తీసేసి పొడి బరువుకు డబ్బు లెక్కగట్టే ఒప్పందం అనుకుందాం. లేబొరేటరీలో ఒక కెమిస్టు నమూనా తీసి తేమ శాతం రాస్తాడు. 70,000 టన్నుల సరుకులో తేమ ఒక్క శాతం తక్కువ రాస్తే, కొనేవాడు 700 టన్నుల నీటికి బొగ్గు ధర కడతాడు. ఆ కెమిస్టు సాయంత్రాలు అదే సరుకు పంపినవాడి తరఫు సర్వే సంస్థకు పనిచేస్తే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఆ అంకెను ఎవరూ నమ్మరు. వే బ్రిడ్జి దగ్గర తూకం వేసే మనిషి లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసినా ఇదే కథ. బిల్లులు పాస్ చేసే ఇంజనీరు ఇంట్లోవాళ్ల పేరు మీద మనుషులను సప్లై చేసే సంస్థ ఉన్నా ఇదే కథ. ఇలాంటివాటికి అనుమతి అడిగినా ఇవ్వకూడదు.

అదే కెమిస్టు సాయంత్రం ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం ట్యూషన్ చెబితే? నిశ్చింతగా చెప్పుకోనివ్వండి. అక్కడ చూడాల్సింది నిద్ర గంటలే. నిషేధం ఎంత ఇరుకుగా ఉంటే అంత గట్టిగా నిలుస్తుంది. ప్రభుత్వ రంగ సంస్థల ప్రవర్తనా నియమావళిలో వేరే ఉద్యోగానికీ వ్యాపారానికీ ముందస్తు అనుమతి కావాలంటూనే, గౌరవ హోదాలో చేసే సేవా పనులకూ, అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా, శాస్త్ర పనులకూ మినహాయింపు ఇచ్చారు, డ్యూటీకి అడ్డురానంతవరకు. ప్రైవేటు సంస్థలు దానికి ఇంకొకటి చేర్చాలి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లకు ఊళ్లో ఎకరమో అరెకరమో ఉంటుంది. నాట్లకూ కోతలకూ వెళ్లడం రెండో కొలువు కాదు. దానికి ఫారం అడగకండి. మరొకటి, ఉద్యోగం మానేశాక కూడా రెండేళ్లు ఫలానా సంస్థలో చేరకూడదని ఈ నియమంలో ఇరికించకండి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అలాంటి షరతు నిలవదు. చెల్లని షరతు ఒక్కటి కనిపిస్తే మిగతా కాగితం మీదా గౌరవం పోతుంది.

ఆ కాగితం వచ్చేదాకా ప్రమాదం ఆగదు కాబట్టి ఈలోగా కంటికి కనిపించే గుర్తులు చూడండి. లాగ్‌షీట్‌లో మూడు గంటలపాటు ఒకే రీడింగ్ రాసి ఉంటే ఆ మనిషి మీటరు చూడకపోయి ఉండవచ్చు. హార్నెస్ తొడుక్కుని హుక్ తగిలించడం మరిచినవాడు నిర్లక్ష్యపు మనిషి కాకపోవచ్చు, ముందు ఎన్ని గంటలకు లేచావని అడగండి. కింద నుంచి ఇచ్చిన సంజ్ఞకు క్రేన్ ఆలస్యంగా కదిలినా, చెప్పిన మాట రెండుసార్లు చెప్పించుకున్నా, షిఫ్టు చివర్లో కారణం లేకుండా విసుక్కున్నా గమనించండి. ఇంటివాళ్లు కూడా చూడాలి. సి షిఫ్టు దిగి వచ్చిన మనిషి బైకు మీద ఎలా వచ్చాడో గుర్తులేదంటే, దారిలో కొన్ని క్షణాలు కళ్లు మూతపడి ఉండవచ్చు. అమ్మా, ఆ రోజు ఫోను దాచేయండి, డెలివరీకి పంపకండి.

ఈ ఊరు దెబ్బలు తిన్న ఊరు. 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారంలో పేలుడు, 2020 మే 7న తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు, అదే ఏడాది ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలిపోవడం. వాటి కారణాలు వేరు, వాటిని రెండో పనికి అంటగట్టడం అన్యాయం. కానీ మన పనిచోట్లలో ఒక్క పొరపాటు ఎంతదూరం పోతుందో వాటిని చూశాక ఎవరూ మనకు చెప్పనక్కర్లేదు.

కార్మిక సోదరులారా, మీ రెండో పనిని ఎవరూ లాక్కోకూడదు. సి షిఫ్టు వారంలో మాత్రం దాన్ని మీరే ఆపండి. యూనియన్ నాయకులారా, వచ్చే సమావేశంలో జీతాల అంశం పక్కనే ఈ 11 గంటల అంశాన్నీ రాయించండి. యజమానులారా, కాంట్రాక్టర్లారా, నియమం రాసేలోపు ఒక్క పని ఈ రాత్రి నుంచే చేయవచ్చు. పదింటికి క్రేన్ మెట్లెక్కే ప్రతి మనిషినీ ఎన్నింటికి నిద్రలేచావని అడగండి. మధ్యాహ్నం ఒంటిగంటకు ముందే లేచానంటే, కూలి తగ్గించకుండా కింది పనికి మార్చండి.